మాచా గిన్నెలో అసలు లెక్క: 137 రెట్లు కాదు, రెండు రెట్లు

మా అక్క కూతురు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. ఈసారి సెలవులకు వచ్చినప్పుడు బ్యాగులోంచి చిన్న రేకు డబ్బా, వెదురు కుంచె తీసి వంటింటి గట్టు మీద పెట్టింది. పొద్దున్నే పరగడుపున చెంచా నిండా పచ్చటి పొడి గిన్నెలో వేసుకుని, వేడినీళ్లు పోసి, చిలికి, నురగ తేలాక తాగింది. మధ్యాహ్నం బయట కేఫ్‌లో ఒకటి తాగింది. సాయంత్రం మళ్లీ ఇంట్లో ఒకటి. రాత్రి ఒంటిగంటకు లేచి చూస్తే హాల్లో ఫోన్ పట్టుకుని కూర్చుని ఉంది. ‘రెండు నెలలుగా నిద్ర సరిగా పట్టట్లేదు పిన్నీ’ అంది. ‘ఇన్నిసార్లు ఆ మాచా తాగితే ఎలా పడుతుందే’ అన్నాను. ‘అది గ్రీన్ టీయే కదా పిన్నీ! కాఫీ ఎప్పుడో మానేశాను. పైగా మామూలు గ్రీన్ టీ కంటే ఇది 137 రెట్లు మంచిదట’ అంది.

ఆ మాటలో రెండు పొరపాట్లున్నాయి. ‘గ్రీన్ టీయే కదా’ అన్నప్పుడు మాచాను తక్కువ అంచనా వేసింది. ‘137 రెట్లు’ అన్నప్పుడు ఎక్కువ అంచనా వేసింది. నిజం ఈ రెంటికీ నడుమ ఉంది. దాన్ని తేల్చడానికి కావలసినవి ఒక చిన్న త్రాసు, జపాన్ ప్రభుత్వం అచ్చువేసే ఆహార పోషకాల పట్టిక, కాస్త కూడికలూ గుణకారాలూ. మరునాడు పొద్దున్న మేమిద్దరం కూర్చుని ఆ లెక్క వేశాం.

ఆకు ఒకటే, తాగే తీరు వేరు

మాచా, గ్రీన్ టీ, మన ఇరానీ చాయ్‌లో పడే నల్లటి టీ పొడి, అన్నీ ఒకే మొక్క ఆకులు. తేడా అంతా ఆకును పెంచడంలో, ఆరబెట్టడంలో, తాగడంలో ఉంది.

జపాన్‌లో ఎక్కువగా తాగే గ్రీన్ టీ పేరు సెంచా. ఎండలో పెరిగిన ఆకును కోసి, ఆవిరి పట్టి, నలిపి, సూదుల్లా చుట్టి ఆరబెడతారు. మాచాకు పనికొచ్చే ఆకును మాత్రం కోతకు మూడు, నాలుగు వారాల ముందు నుంచే నీడలో ఉంచుతారు. క్యోటో దగ్గరి ఉజి, ఐచి ప్రాంతంలోని నిషియో దీనికి పేరుపడ్డ ఊళ్లు. అక్కడ తోటల మీద పందిళ్లు వేసి నల్లటి పరదాలు కప్పుతారు. వెలుతురు అందని ఆకు పత్రహరితాన్ని పెంచుకుంటుంది, అందుకే ఆ ముదురు పచ్చ. థియనిన్ అనే అమైనో ఆమ్లం ఎండ తగిలితే వగరు పదార్థాలుగా మారిపోతుంది. నీడలో ఆ మార్పు తగ్గుతుంది కాబట్టి తియ్యటి రుచి నిలుస్తుంది, వగరు తగ్గుతుంది. కోసిన ఆకును ఆవిరి పట్టి, నలపకుండా ఆరబెట్టి, ఈనెలూ కాడలూ ఏరేస్తారు. మిగిలిన పలుచటి ఆకు ముక్కల పేరు టెంచా. దాన్ని రాతి తిరగలిలో విసిరితే వచ్చేది మాచా. ఆ తిరగలి చూడటానికి మన అమ్మమ్మల ఇళ్లలోని తిరగలి లాంటిదే. వేడెక్కితే వాసన పోతుందని మెల్లగా తిప్పుతారు. గంటసేపు తిరిగినా రాలే పొడి 40 గ్రాములకు అటూ ఇటూ మాత్రమే.

అసలు తేడా తాగేటప్పుడు వస్తుంది. గ్రీన్ టీలో ఆకును నీళ్లలో నానబెట్టి, రసం తాగి, పిప్పి పారేస్తాం. మాచాలో పిప్పి అనేదే ఉండదు, ఆకు మొత్తం కడుపులోకి పోతుంది. చారులో వేసిన కరివేపాకుకూ కరివేపాకు పొడికీ ఉన్న తేడా ఇది. చారులో రెబ్బ వేస్తే వాసనా కొంత సారమూ దిగుతాయి, ఆకు కంచం పక్కన పెట్టేస్తాం. అదే పొడి కొట్టి అన్నంలో కలుపుకుంటే ఆకులో ఉన్నదంతా తిన్నట్టే. మాచా నీళ్లలో కరగదు, తేలుతుంది, అంతే. చిలికిన గిన్నెను పది నిమిషాలు కదపకుండా వదిలేయండి. అడుగున పచ్చటి బురదలా పేరుకుంటుంది. గ్రీన్ టీలో మనం పారబోసే పిప్పి అదే.

137 ఎక్కడి నుంచి వచ్చింది

ఈ అంకె గాలిలోంచి పుట్టలేదు. 2003లో అమెరికాలో ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు మాచాలోని కాటెచిన్లను కొలిచి ఒక పరిశోధన పత్రిక‌లో వ్యాసం రాశారు. కాటెచిన్లంటే టీకి వగరునిచ్చే పదార్థాలు. వాటిలో ముఖ్యమైనది ఈజీసీజీ. గ్రీన్ టీ గురించి చెప్పే మంచి మాటల్లో చాలావరకు దీని చుట్టూనే తిరుగుతాయి. వాళ్లు మాచాను పోల్చడానికి బజారులో దొరికే ఒకే ఒక్క రకం గ్రీన్ టీని తీసుకున్నారు. ఆ రకం టీ నుంచి వచ్చిన ఈజీసీజీ చాలా కొద్ది. దాంతో పోలిస్తే మాచాలోది 137 రెట్లు ఎక్కువ అని తేలింది.

అదే వ్యాసంలో, అదే వాక్యం చివర ఇంకో అంకె ఉంది. అప్పటిదాకా ఇతర గ్రీన్ టీలలో నమోదైన అత్యధిక విలువతో పోలిస్తే మాచాలో కనీసం మూడు రెట్లు ఉందని రాశారు. అంటే 137 అన్నది ఒక బలహీనమైన టీతో పోలిక, మూడు అన్నది గట్టి టీతో పోలిక. అట్టపెట్టెల మీదికి ఎక్కింది మాత్రం మొదటి అంకే. క్లాసులో ఆఖరి మార్కులొచ్చిన పిల్లాడితో పోల్చి మా వాడు ఎంత ముందున్నాడో చూడండి అన్నట్టుంది ఆ ప్రచారం.

నీళ్లలోకి దిగింది ఎంత, పారబోసింది ఎంత

ఆ మూడు రెట్లయినా నిజమో కాదో ఇంకో దారిలో చూడొచ్చు. జపాన్ ఆహార పోషకాల పట్టికలో టీ ఆకు లెక్క వేరుగా, కాచిన టీ లెక్క వేరుగా ఇస్తారు. కాచిన పద్ధతి కూడా చెబుతారు. సెంచాకు 10 గ్రాముల ఆకు, 90 డిగ్రీల నీళ్లు 430 మిల్లీలీటర్లు, ఒక్క నిమిషం.

ఆ పట్టిక ప్రకారం 100 గ్రాముల సెంచా ఆకులో 2.3 గ్రాముల కెఫీన్ ఉంటుంది. కాబట్టి 10 గ్రాముల ఆకులో 230 మిల్లీగ్రాములు. కాచిన టీలో 100 మిల్లీలీటర్లకు 20 మిల్లీగ్రాములు, అంటే 430 మిల్లీలీటర్లలో 86. ఆకులో ఉన్న 230లో నీళ్లలోకి దిగింది 86. మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. మిగిలింది పిప్పితో పోయింది.

వగరు లెక్కా ఇలాగే ఉంటుంది. పట్టిక దాన్ని టానిన్ల పేరుతో ఇస్తుంది. గ్రీన్ టీ టానిన్లలో ఎక్కువ భాగం కాటెచిన్లే. 10 గ్రాముల సెంచాలో 1,300 మిల్లీగ్రాములు ఉంటే నీళ్లలోకి వచ్చింది దాదాపు 300. నాలుగో వంతు కూడా లేదు.

మాచా పొడిలో ప్రతి గ్రాముకూ 32 మిల్లీగ్రాముల కెఫీన్, 100 మిల్లీగ్రాముల టానిన్లు ఉంటాయి. అవి అన్నీ కడుపులోకి పోతాయి. సెంచాలో గ్రాము ఆకు నుంచి మనకు అందింది 8.6 మిల్లీగ్రాముల కెఫీన్, 30 మిల్లీగ్రాముల టానిన్లు. భాగిస్తే కెఫీన్ మూడున్నర రెట్ల పైచిలుకు, టానిన్లు మూడు రెట్ల పైచిలుకు. 2003 నాటి వ్యాసంలోని రెండో అంకెకు ఇది దగ్గరగానే ఉంది.

ఇక్కడ మా అమ్మాయిని ఆశ్చర్యపరిచిన విషయం ఒకటుంది. ఆకును ఆకుతో పోలిస్తే వగరు పదార్థాలు సెంచాలోనే ఎక్కువ. గ్రాముకు సెంచాలో 130 మిల్లీగ్రాములు, మాచాలో 100. నీడలో పెరిగిన ఆకు కాబట్టి మాచాలో తగ్గాయి. మాచా గెలిచింది ఆకు గొప్పదై కాదు, ఆకును పారేయకపోవడం వల్ల. అదే సెంచా ఆకు మీద రెండోసారి, మూడోసారి నీళ్లు పోసుకుని తాగితే ఈ తేడా ఇంకా తగ్గుతుంది.

గ్రాముల లెక్క సరే, మనం తాగేది గిన్నెలూ కప్పులూ కదా. అలా చూస్తే:

| | కెఫీన్ | టానిన్లు |
|---|---|---|
| సెంచా, 150 మి.లీ. కప్పు | 30 మి.గ్రా. | 105 మి.గ్రా. |
| మాచా, 2 గ్రాముల గిన్నె | 64 మి.గ్రా. | 200 మి.గ్రా. |

రెండూ దాదాపు రెట్టింపు. ఒక గిన్నె మాచా అంటే రెండు కప్పుల గ్రీన్ టీ. 137 రెట్ల మాట చివరికి ఇక్కడికి దిగింది.

ఇంకో మాట కూడా గమనించాలి. మంచి పదార్థం రెట్టింపైతే కెఫీన్ కూడా రెట్టింపైంది. ఆకు మొత్తం తింటున్నప్పుడు మనకు కావలసింది మాత్రమే లోపలికి రమ్మని, అక్కర్లేనిది బయటే ఉండమని చెప్పలేం. మాచా లాభమూ మాచా జాగ్రత్తా ఒకే అంకెకు రెండు వైపులు.

చెంచా తెచ్చే తంటా

పట్టికలో 2 గ్రాములని రాసుకోవడం తేలిక. చెంచాలో ఎంత పడుతోందన్నది వేరే సంగతి. జపాన్‌లో మామూలుగా తాగే పలుచటి మాచాను ఉసుచా అంటారు. 2 గ్రాముల పొడికి 60, 70 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తారు. నీళ్లు మరిగేవి కాదు, 80 డిగ్రీల లోపు. పొడి తీసే వెదురు పుల్లతో ఒకసారి తీస్తే సుమారు గ్రాము వస్తుంది కాబట్టి రెండుసార్లు తీస్తారు. తేనీటి వేడుకల్లో ఇచ్చే చిక్కటి మాచాను కొయిచా అంటారు. దానికి మనిషికి 4 గ్రాములు పడుతుంది.

మా ఇంట్లో వెదురు పుల్ల లేదు, టీ చెంచాతోనే తీశాం. మా త్రాసు పదో వంతు గ్రామును కూడా చూపిస్తుంది. పళ్లెం మీద కాగితం పరిచి, సున్నా చేసి, కత్తితో తలకొట్టి చదును చేసిన చెంచాడు పొడి పోస్తే 2 గ్రాములు చూపింది. తర్వాత ‘నువ్వు రోజూ వేసుకునేంత వెయ్యి’ అన్నాను. తను గోపురంలా నింపిన చెంచా తెచ్చి పోసింది. 3.5 చూపింది. మళ్లీ పోయించాను, 3.6. పొడి మెత్తగా ముఖానికి రాసుకునే పౌడర్‌లా ఉంటుంది కాబట్టి చెంచా మీద కుప్పగా నిలబడుతుంది, జారదు. ఆ కుప్ప విలువ 48 మిల్లీగ్రాముల కెఫీన్. ఒకటిన్నర కప్పు గ్రీన్ టీ కంటే ఎక్కువ.

కేఫ్ సంగతి తనే ఫోన్ చేసి కనుక్కుంది. పెద్ద గ్లాసు లాతేలో 4 గ్రాములు వేస్తామన్నారు. పాలు, ఐసు, తీపి పడ్డాక రుచి తెలియాలంటే ఆ మాత్రం వేయాలి మరి. పాలు కలిపినంత మాత్రాన కెఫీన్ తగ్గదు. గ్లాసు చూడటానికి చల్లగా, తేలిగ్గా ఉంటుంది. లోపల ఉన్నది మాత్రం తేనీటి వేడుకలో పెద్దలు నాలుక మీద మెల్లగా తీసుకునే కొయిచా మోతాదు.

పొడిని బట్టి కూడా కెఫీన్ మారుతుంది. పరీక్షల్లో గ్రాముకు 19 నుంచి 44 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. లేత ఆకులో ఎక్కువ, ముదురు ఆకులో తక్కువ. అంటే ఖరీదైన మొదటి కోత మాచా కొనుక్కున్నవాళ్లకు కెఫీన్ కూడా ఎక్కువే రావచ్చు. అందుకే ఇక్కడ వాడుతున్న 32ను నడిమి అంకెగానే చూడాలి.

మా అమ్మాయి ఒక రోజు లెక్క

పొద్దున 7 గంటలకు 3.5 గ్రాములు: 112 మిల్లీగ్రాములు. మధ్యాహ్నం ఒకటిన్నరకు కేఫ్ లాతే 4 గ్రాములు: 128. సాయంత్రం ఐదున్నరకు మళ్లీ 3.5 గ్రాములు: 112. మొత్తం 352. ‘అంతేనా?’ అన్నాను. ‘ఆఫీసులో అందరితో కలిసి రెండు చాయ్‌లు’ అంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం ఒక్కో టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. రెండు టీలకు 60 నుంచి 130. అన్నీ కలిపితే రోజుకు 412 నుంచి 482.

అదే సంస్థ రోజుకు 300 మిల్లీగ్రాములు దాటొద్దని చెబుతుంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజు మొత్తం మీద 400 దాకా, ఒక్కసారికి 200 దాకా పరవాలేదంది. మా అమ్మాయి రెండు గీతలూ దాటేసింది. కాఫీ మానేశానని ధైర్యంగా ఉన్న మనిషి ఆమె.

నిద్ర లెక్క ఇంకా స్పష్టంగా ఉంది. ఒంట్లోకి చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికి పెద్దవాళ్లలో సగటున ఐదు గంటలు పడుతుంది. తను పడుకునేది పదిన్నరకు. ఐదున్నరకు తాగిన 112లో అప్పటికి 56 మిగిలే ఉంటుంది. ఒకటిన్నరకు తాగిన 128లో 37 వరకు ఉంటుంది. పొద్దుటి దాంట్లోంచి మరో 13. కూడితే వందకు పైనే. చాయ్‌లను అసలు లెక్కలోకే తీసుకోలేదు. పోషకాహార సంస్థ లెక్కలో 150 మిల్లీలీటర్ల కాచిన కాఫీలో ఉండేది 80 నుంచి 120. అంటే రోజూ దిండు మీద తల పెట్టే ముందు ఒక కప్పు కాఫీ తాగి పడుకున్నంత కెఫీన్ ఒంట్లో ఉంటోంది.

‘మాచాలో థియనిన్ ఉంటుంది, అది మనసును నెమ్మదిగా ఉంచుతుంది కదా పిన్నీ’ అంది. ఉంటుంది. కెఫీన్ తెచ్చే దడను అది కొంత మెత్తబరుస్తుందని చూపిన ప్రయోగాలూ ఉన్నాయి. ఎక్కువ ప్రయోగాల్లో ఇచ్చింది మాత్రం 100, 200 మిల్లీగ్రాముల థియనిన్. గిన్నెడు మాచాలో అంత ఉండటం అరుదు. ఉన్నా కూడా కెఫీన్‌ను ఒంట్లోంచి బయటికి పంపే పని థియనిన్ చేయదు. దడ తెలియకపోవచ్చు, నిద్ర మాత్రం దూరమవుతుంది. కెఫీన్ ఎక్కువైందని దడ చెబితే తెలుసుకోవడం తేలిక. అది లేనప్పుడు చూసుకోవలసిన గుర్తులు వేరే ఉన్నాయి. పడుకున్నాక అరగంట దాటినా కన్ను మూతపడకపోవడం, తెల్లవారుజామున మెలకువ వచ్చేయడం, ఒక రోజు తాగకపోతే తలనొప్పి రావడం. మా అమ్మాయికి మూడూ ఉన్నాయి.

ఆకు మొత్తం తింటే ఒరిగేది ఎంత

ఆకంతా తింటున్నాం కాబట్టి పీచు, మాంసకృత్తులు, విటమిన్లు అన్నీ వస్తాయంటారు. వస్తాయి. ఎంత వస్తాయో చూద్దాం. 100 గ్రాముల మాచాలో 38.5 గ్రాముల పీచు, 29.6 గ్రాముల మాంసకృత్తులు, 17 మిల్లీగ్రాముల ఇనుము ఉంటాయి. చదివితే గొప్ప ఆహారంలా ఉంది. కాని మనం తీసుకునేది 2 గ్రాములు. అందులో పీచు ముప్పావు గ్రాము, మాంసకృత్తులు అర గ్రాము పైచిలుకు, ఇనుము 0.34 మిల్లీగ్రాములు. అన్నంలోకి వేసుకునే తోటకూర వేపుడు ముందు ఇది లెక్కలోకి రాదు.

నిజంగా వచ్చే లాభం వేరే చోట ఉంది. బీటా కెరోటిన్, విటమిన్ ఇ లాంటివి నీళ్లలో కరగవు. ఆకు నానబెట్టిన టీలోకి అవి దాదాపు దిగవు, పిప్పిలోనే ఉండిపోతాయి. మాచాలో మాత్రం అందుతాయి. 2 గ్రాముల్లో సుమారు 580 మైక్రోగ్రాముల బీటా కెరోటిన్ ఉంటుంది. ఇది బాగానే ఉంది. అయితే ఇదే కోవలో ఇంకొకటి కూడా లోపలికి వస్తుంది, విటమిన్ కె. మామూలు గ్రీన్ టీ నీళ్లలో అది ఉండదనే చెప్పాలి. మాచాలో 100 గ్రాములకు 2,900 మైక్రోగ్రాములు, 2 గ్రాముల గిన్నెలో 58.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు దీంతో ఇబ్బంది లేదు. గుండె కవాటం మార్పించుకునో, రక్తం గడ్డకట్టే జబ్బు వచ్చో వార్ఫరిన్, ఎసినోకుమరాల్ వంటి మాత్రలు వేసుకునేవాళ్లు మాత్రం జాగ్రత్తపడాలి. ఆ మందులు విటమిన్ కె పనికి అడ్డం పడే పద్ధతిలోనే పనిచేస్తాయి. ఒకరోజు మూడు గిన్నెలు తాగి, వారం రోజులు మానేస్తే రక్త పరీక్షలో ఐఎన్ఆర్ అంకె అటూ ఇటూ ఊగుతుంది. గ్రీన్ టీ తాగొచ్చని డాక్టరు చెప్పారు కదా అని మాచాకు మారిపోకూడదు. ఈ ఒక్క విషయంలో రెండూ వేరువేరు పదార్థాలు. మొదలుపెట్టే ముందు, మానే ముందు కూడా డాక్టరుకు చెప్పాలి.

మట్టిలోంచి ఆకులోకి చేరే సీసం సంగతీ అంతే. ఆకును నానబెట్టినప్పుడు సీసం చాలావరకు పిప్పిలోనే ఉండిపోతుంది. పొడి తాగితే ఉన్నదంతా లోపలికే. అందుకే ఏ తోటదో, ఎప్పటి కోతో, పరీక్ష చేయించారో లేదో చెప్పే డబ్బానే కొనాలి. చవకగా దొరికే వాటిలో చాలా వరకు నీడలో పెరిగిన టెంచా పొడి కాదు, మామూలు గ్రీన్ టీ ఆకు పొడి. తెల్ల కాగితం మీద చిటికెడు వేసి వేలితో గీస్తే కొంత తెలుస్తుంది. మంచి మాచా లేత గరిక రంగులో పొడవుగా గీత గీస్తుంది. రెండో రకం గోధుమ కలిసిన ఆకుపచ్చలో గరుకుగా విడిపోతుంది.

పరగడుపు గిన్నె, ఇనుము మాత్ర

లెక్క వేస్తుంటే ఇంకో సంగతి బయటపడింది. మూడు నెలల కిందట పరీక్షలో మా అమ్మాయికి హిమోగ్లోబిన్ 10.8 వచ్చింది. గర్భం లేని ఆడవాళ్లకు 12 కంటే తక్కువుంటే రక్తహీనతే. డాక్టరు ఇనుము మాత్రలు రాశారు. తను ఆ మాత్రను రోజూ పొద్దున వేసుకుంటోంది. దేంతో? మాచాతో.

టీలోని టానిన్లు మొక్కల నుంచి వచ్చే ఇనుమునూ మాత్రల ఇనుమునూ పేగులో పట్టుకుని, రక్తంలోకి వెళ్లనివ్వకుండా అడ్డుపడతాయి. గిన్నెలో 2 గ్రాములుంటే 200 మిల్లీగ్రాముల టానిన్లు, తన 3.5 గ్రాముల్లో 350. సెంచా కప్పుతో చూస్తే మూడు రెట్ల పైనే. మాచాలో ఇనుము ఉంది కదా అనుకుంటే, 0.34 మిల్లీగ్రాముల ఇనుము తెచ్చి అంతకు ఎన్నో రెట్ల ఇనుమును అడ్డుకుంటోందన్నమాట.

తెలుగువాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. మనకు ఇనుము ఎక్కువగా అందేది ఆకుకూరలు, పప్పులు, గింజల నుంచే. టానిన్లు అడ్డుకునేదీ ఆ ఇనుమునే. పోషకాహార సంస్థ చెప్పిన పరిష్కారం తేలికైనదే. భోజనానికి గంట ముందు, గంట తర్వాత దాకా టీ, కాఫీలు వద్దు. మాచాకూ అదే వర్తిస్తుంది. ఇనుము మాత్రకైతే ఇంకాస్త ఎడం పాటించడం మేలు.

అలాగని పరగడుపున తాగమని కాదు. ఖాళీ కడుపులో ఈజీసీజీ రక్తంలోకి ఎక్కువగా వెళ్తుంది, చాలామందికి వికారం పుడుతుంది. టిఫిన్ తిన్న గంటకో, గంటన్నరకో తాగితే రెండు ఇబ్బందులూ తప్పుతాయి.

కాలేయం మాట

గ్రీన్ టీతో కాలేయం పాడైందన్న వార్తలు అప్పుడప్పుడు వస్తుంటాయి. వాటిలో ఎక్కువ భాగం బరువు తగ్గడానికి మింగే గ్రీన్ టీ సారం మాత్రల గురించి. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో ఈ సమాచారమంతా పరిశీలించి, మాత్రల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీ తీసుకున్నవాళ్లలో కాలేయం దెబ్బతిన్నదని సూచించే ఎంజైములు పెరిగాయని తేల్చింది. 2022లో ఐరోపా సమాఖ్య ఆ అంకె దగ్గరే గీత గీసింది. మామూలుగా కాచుకున్న టీని ఆ నిబంధన నుంచి వదిలేసింది.

మాచా ఎక్కడుంది? గ్రాముకు ఉండే 100 మిల్లీగ్రాముల టానిన్లలో సగం ఈజీసీజీ అనుకుందాం. 800కు చేరాలంటే 16 గ్రాముల పొడి కావాలి. ఎనిమిది గిన్నెలు. అప్పటికి కెఫీన్ 512 అవుతుంది. అంటే కాలేయం గీత దగ్గరికి చేరేలోపే కెఫీన్ గీత దాటేస్తాం. గిన్నెలో తాగేవాళ్లు కెఫీన్‌ను అదుపులో పెట్టుకుంటే ఇది కూడా అదుపులోనే ఉంటుంది. ప్రమాదం ఉన్నది మాచా తాగుతూ, దాంతోపాటు గ్రీన్ టీ మాత్రలు కూడా మింగేవాళ్లకు. కాలేయ జబ్బు ముందే ఉన్నవాళ్లకు కూడా. మూత్రం ముదురు పసుపుగా మారినా, కళ్లు పచ్చబడినా, ఆకలి చచ్చిపోయినా వెంటనే అన్నీ ఆపి డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

ఎవరికి ఎంత

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు 2 గ్రాముల గిన్నెలు రోజుకు రెండు. 128 మిల్లీగ్రాముల కెఫీన్. దానికి తోడు రెండు చాయ్‌లు తాగినా 300 దాటదు. చాయ్, కాఫీలు అసలు లేనివాళ్లు మూడో గిన్నె తాగినా గీతలోపే ఉంటారు.

గర్భిణులకు ఐరోపా సంస్థ చెప్పిన పరిమితి రోజుకు 200 మిల్లీగ్రాములు, అన్ని పానీయాలూ కలిపి. గర్భంతో ఉన్నప్పుడు కెఫీన్ ఒంట్లోంచి పోవడం చాలా ఆలస్యమవుతుంది, చివరి నెలల్లో సగానికి తగ్గడానికే 15 గంటల దాకా పట్టొచ్చు. పైగా ఇనుము అవసరం ఎక్కువగా ఉండే రోజులవి. ఒక చిన్న గిన్నె చాలు, అదీ ఇనుము మాత్రకు దూరంగా. 4 గ్రాముల కేఫ్ గ్లాసులో 128 ఉంటుంది కాబట్టి దాని తర్వాత ఒక్క కప్పు కాచిన కాఫీ తాగినా గీత దాటినట్టే.

పిల్లలకు అదే సంస్థ కిలో బరువుకు 3 మిల్లీగ్రాములంది. 20 కిలోల పిల్లకు 60. ఒక్క మాచా గిన్నెలో 64. ఐస్‌క్రీములోనో, కేకులోనో పడే కాస్త పొడి ఫరవాలేదు, గ్లాసెడు లాతే మాత్రం పిల్లలది కాదు.

సెలవులు అయిపోయి వెళ్లేటప్పుడు మా అమ్మాయి డబ్బాతోపాటు త్రాసు కూడా బ్యాగులో పెట్టుకుంది. ఇప్పుడు టిఫిన్ తిన్న గంటన్నరకు 2 గ్రాములు, మధ్యాహ్నం ఒంటిగంట లోపు ఇంకో 2 గ్రాములు. సాయంత్రం గిన్నె లేదు. ఇనుము మాత్ర రాత్రికి మారింది, నిమ్మరసం నీళ్లతో. మొన్న ఫోన్ చేసినప్పుడు నిద్ర ఎలా ఉందని అడిగాను. ‘పదకొండుకల్లా నిద్ర పట్టేస్తోంది పిన్నీ. కానీ రెండు గ్రాములంటే గిన్నె అడుగున మరీ ఇంతేనా అనిపిస్తోంది’ అంది. అవునమ్మా, ఆ ఇంతే రెండు కప్పుల గ్రీన్ టీ.